స్క్వాడ్‌లో ఉండలేను, పెళ్లికి మాత్రం వస్తా

నాలుగు చాక్లెట్లు, పేరు రాసిన కప్పు, ఒక జత గాజులు, పైన చిన్న కార్డు. కార్డు మీద ‘నా పెళ్లిలో నా పక్కన నిలబడతావా?’ అని ఉంటుంది. పెట్టె తెరుస్తుంటే ఎదురుగా ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటారు. ఆ క్షణంలో ఎవరైనా ఏమంటారు? కళ్లు తుడుచుకుంటూ ‘అయ్యో, ఇది అడగాలా!’ అంటారు. పది రోజుల తర్వాత వాట్సాప్ గ్రూపులో హల్దీకి ఏ రంగు, సంగీత్‌కి ఏ రంగు, ఎవరు ఎంత పంపాలి అని ఒక జాబితా వస్తుంది, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

ఐదేళ్ల క్రితం వరకూ తిరుపతి, చిత్తూరు వైపు పెళ్లిళ్లలో స్నేహితురాళ్లంటే ముందురోజు సాయంత్రం రిసెప్షన్‌కి వచ్చి, స్టేజీ మీద ఒక ఫోటో దిగి, రాత్రికి మండపం గదిలో చాపలేసుకుని కబుర్లు చెప్పుకుని, తెల్లవారుజామున ముహూర్తానికి నిద్ర కళ్లతో అక్షింతలు వేసేవాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్లల్లో దాని మీద ఇంకో పొర వచ్చి చేరింది. బ్రైడ్ స్క్వాడ్, గ్రూమ్ స్క్వాడ్. ఒకే రంగు బట్టలు, ఒకే డాన్సు, పెళ్లికి ముందు ఒక ట్రిప్పు. అడిగేది ప్రేమతోనే, అందులో అనుమానం లేదు. కానీ దానికయ్యే డబ్బూ సెలవులూ ఎవరివి అనే మాట మాత్రం అడిగేటప్పుడు రాదు.

కుదరదని చెప్పడం ఎందుకంత కష్టంగా ఉంటుందో అర్థం కావాలంటే ముందు ఈ పాత్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. మన పెళ్లి తంతులో తోడి పెళ్లికూతురు, తోడి పెళ్లికొడుకు అని ఉన్నారు, కాకపోతే వాళ్లు సాధారణంగా ఇంట్లో చిన్నపిల్లలు. చెల్లెలో, మేనకోడలో, తమ్ముడో. పక్కన కూర్చోబెడతారు, వాళ్లకీ కొత్త బట్టలు పెడతారు. ఆ బట్టలు కొనేది పెళ్లివాళ్లే. ఆడపడుచుకి లాంఛనం ఇచ్చేదీ, పెళ్లిపనికి వచ్చిన దగ్గరివాళ్లకి చీర పెట్టేదీ ఆ లెక్కలోనే. అంటే మన పద్ధతిలో పెళ్లిలో పాత్ర ఉన్న మనిషికి పెళ్లి ఇల్లు పెడుతుంది, ఆ మనిషి దగ్గర తీసుకోదు.

స్క్వాడ్ పద్ధతి దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. అమెరికాలో వధువు స్నేహితురాళ్లు తమ డ్రెస్సు తామే కొనుక్కోవడం మామూలు. ఇంగ్లండులో అయితే ఆ డ్రెస్సులు వధూవరుల వైపు వాళ్లు కొనివ్వడమే పాత ఆనవాయితీ. మన దగ్గరికి రీల్స్‌లో, న్యూజెర్సీ కజిన్ల పెళ్లి ఆల్బమ్‌లలో కొట్టుకొచ్చింది అమెరికా పద్ధతి. రంగూ పోజూ వచ్చాయి, ఖర్చు ఎవరిది అనే నియమం కూడా చప్పుడు లేకుండా వాటి వెంట వచ్చేసింది. అందుకే ఇంట్లో అమ్మకి చెబితే ‘వాళ్ల పెళ్లికి నువ్వు చీర కొనుక్కోవడమేంది, వాళ్లు కదా పెట్టాల’ అని నోరెళ్లబెడుతుంది. అమ్మ పాతకాలపు మనిషై అలా అనడం లేదు, ఆమె చెప్పేదీ ఒక నియమమే. రెండు నియమాలు ఒకే పెళ్లిలో ఢీకొన్నప్పుడు మధ్యలో నలిగేది స్క్వాడ్‌లోని అమ్మాయి.

ఇంకో సంగతి. హిందూ వివాహ చట్టం 1955లో ఏడో సెక్షన్ ప్రకారం ఇరువైపుల్లో ఏదో ఒకవైపు ఆచారం ప్రకారం తంతు జరగాలి, సప్తపది ఆచారంలో ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. స్నేహితురాళ్ల వరస అందులో ఎక్కడా లేదు. చర్చి పెళ్లిళ్లలో తోడి పెళ్లికూతురికి ఇంతకంటే పాత చోటు ఉంది, వధువు వెనకాలే నడుస్తుంది, పువ్వులు పట్టుకుంటుంది. అక్కడ కూడా 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం అడిగేది పెళ్లి చేసే పాస్టర్ కాక కనీసం ఇద్దరు సాక్షుల్ని, వాళ్లు తోడి పెళ్లికూతురూ బెస్ట్ మ్యానే కానక్కర్లేదు. కాబట్టి కుదరదు అన్నందువల్ల పెళ్లి తంతుకి ఏమీ కాదు. ఆగేది ఫోటోలోని వరస, డాన్సులోని జంటల లెక్క, గుడ్డ తానులోని మీటర్లు. ఈ మూడూ చిన్నవని కాదు, కానీ మూడింటికీ ఒక్కో గడువు ఉంటుంది, ఆ గడువులే అసలు విషయం. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు లెక్క. ఊహించి వేసిన లెక్కే, కానీ ఈ సీజన్‌లో చాలామంది ఫోన్లలో ఉండే లెక్కకి దగ్గరగానే ఉంటుంది. తిరుపతి అమ్మాయి, బెంగళూరులో ఉద్యోగం, చేతికొచ్చేది నెలకి 42,000. కాలేజీ స్నేహితురాలి పెళ్లి తిరుపతిలో. శుక్రవారం హల్దీ, మెహందీ, ఆ రాత్రే సంగీత్. శనివారం సాయంత్రం రిసెప్షన్. ఆదివారం తెల్లవారుజామున ముహూర్తం. గ్రూపులో తేలినవి ఇవి: హల్దీకి పసుపు రంగు డ్రెస్సు, 2,400. సంగీత్‌కి లెహంగా అద్దెకి, 2,500. ముహూర్తానికి అందరికీ ఒకే రంగు పట్టుచీర, 6,500. దాని మీదికి మగ్గం వర్క్ జాకెట్టు, కుట్టుకూలితో కలిపి 3,800. జాకెట్టు దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు, చీర ధర చూసి ‘సరే, ఒక చీరే కదా, తర్వాత కూడా కట్టుకోవచ్చు’ అనుకుంటారు, చేతుల మీద పని, వీపు మీద పని చెప్పాక జాకెట్టు చీరలో సగం దాటుతుంది.

మేకప్, పూలు, అద్దె నగలు అన్నీ కలిపి 4,000. పెళ్లికి వారం ముందు పుదుచ్చేరి ట్రిప్పు, పెళ్లికూతురి వాటా మిగతావాళ్లే పంచుకోవాలి కాబట్టి మనిషికి 7,500. డాన్స్ ప్రాక్టీసుకి ఒకసారి, కొలతలకి, షాపింగ్‌కి ఒకసారి, పెళ్లికి ఒకసారి, మొత్తం మూడుసార్లు బెంగళూరు నుంచి రానూ పోనూ, బస్సుకి ఒక్కో విడత 1,600 చొప్పున 4,800. అందరూ కలిసి ఇచ్చే గిఫ్టులో వాటా 3,000. కూడితే 34,500. నెల జీతంలో ఐదింట నాలుగు వంతులు. పీజీ అద్దె, ఇంటికి పంపే డబ్బు, ఏదైనా ఈఎంఐ ఉంటే అది, ఇవేవీ అందులో లేవు.

ఇదే అమ్మాయి మామూలు స్నేహితురాలిగా పెళ్లికి వస్తే? ఒకసారి ప్రయాణం 1,600, బీరువాలో ఉన్న పట్టుచీర, చదివింపులకి 2,000. మొత్తం 3,600. తేడా 30,900. ‘పెళ్లికి వెళ్లడానికి డబ్బుల్లేవా’ అనే ఎత్తిపొడుపుకి జవాబు ఈ తేడాలోనే ఉంది. పెళ్లి ఖరీదు 3,600, స్క్వాడ్ ఖరీదు దాని మీద ఇంకో 30,900. తను కాదంటున్నది ఆ రెండోదాన్ని. ఈ లెక్క పెళ్లికూతురికి చూపించనక్కర్లేదు, చూపిస్తే బిల్లు ఇచ్చినట్టుంటుంది. తనకోసం తను ఒక కాగితం మీద రాసుకోవాలి. రాయకపోతే ఒక్కోటీ విడివిడిగా వస్తుంది, 2,400 వచ్చినప్పుడు 2,400కి సరే అంటాం, ఇంకో వారానికి 3,000 వస్తుంది, దానికీ సరే. ఒక్కోదానికీ కాదనడం పిసినారితనంలా ఉంటుంది, మొత్తానికి కాదనడం మాత్రం మామూలు మనిషి తీసుకునే నిర్ణయం.

టైము లెక్క ఇంకా మోసం చేస్తుంది. పైన చెప్పిన పెళ్లికి స్క్వాడ్ అమ్మాయి గురువారం రాత్రికే బస్సెక్కాలి. శుక్రవారం సెలవు. ఆదివారం ముహూర్తం తెల్లవారుజామున కాబట్టి శనివారం రాత్రి నిద్ర ఉండదు, ఆదివారం అప్పగింతలయ్యేదాకా ఉండి రాత్రి బస్సెక్కితే సోమవారం పొద్దున్న ఆఫీసులో సగం మనిషే, కాబట్టి సోమవారం ఇంకో సెలవు. కొలతల ప్రయాణానికి శనివారం, డాన్స్ ప్రాక్టీసుకి ఆదివారం, పుదుచ్చేరికి ఒక శుక్రవారం. మొత్తం మూడు సెలవులు, రెండు వారాంతాలు, పైగా నెల రోజులు రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో స్టెప్పులు. సెలవులు అయిపోయి జీతం కోత పడే పరిస్థితి ఉంటే 42,000 జీతానికి రోజుకి 1,400, మూడు రోజులకి 4,200 పోతుంది. చాలామంది దీన్ని ఖర్చులో కలపరు, చేత్తో ఇవ్వలేదు కాబట్టి.

ఇప్పుడు చెప్పడం సంగతి. మన మాటతీరులో ఒక ఇబ్బంది ఉంది. శుభకార్యానికి పిలిస్తే మొహం మీద రాననడం అపశకునంగా ఉంటుంది, అందుకే ‘చూస్తాలే’, ‘ట్రై చేస్తా’, ‘సెలవు దొరికితే కచ్చితంగా’ అంటాం. చెప్పేవాళ్ల మనసులో అది సగం ‘కాదు’. వినేవాళ్ల చెవిలో అది పూర్తి ‘అవును’. పెళ్లికూతురు ఆ ‘చూస్తాలే’ని ఆరుగురిలో ఒకరుగా లెక్కేసి ఆరు చీరలకి అడ్వాన్స్ కట్టేస్తుంది. నెల తర్వాత వచ్చే ‘కుదరట్లేదే’ అప్పుడు ద్రోహంలా వినిపిస్తుంది. ఇలాంటి గొడవల్లో చాలావాటికి మూలం మధ్యలో నడిచిన ఈ ‘చూస్తాలే’ నెల. మొదటి వారంలో సూటిగా చెప్పి ఉంటే ఆ కోపం ఒక పూటతో పోయేది.

అందుకే గడువులు తెలియాలి. మొదటి గడువు గుడ్డ. ఒకే తాను నుంచి ఆరుగురికి కావాలంటే షాపులో ఒకేసారి తీసుకోవాలి, మళ్లీ వెళ్తే అదే రంగు, అదే అంచు దొరుకుతుందనే గ్యారెంటీ లేదు. అడ్వాన్స్ కట్టకముందు కాదంటే ఎవరికీ ఒక్క రూపాయి నష్టం లేదు. రెండో గడువు టైలర్. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలుండవు, అవి దాటగానే పెళ్లిళ్లన్నీ కొన్ని వారాల్లోకి కుక్కుకుంటాయి, మగ్గం వర్క్ చేసేవాళ్ల దగ్గర వరస పెరిగిపోతుంది. జాకెట్టు ఒకసారి ఒకరి కొలతకి కత్తిరించాక ఇంకొకరికి సర్దడం కష్టం. ఈ దశలో తప్పుకుంటే కత్తిరించిన గుడ్డ డబ్బు మనం కట్టేయాలి, ‘వేరేవాళ్లకి ఇచ్చేయండి’ అనడం మర్యాద కాదు. మూడోది డాన్స్. కొరియోగ్రాఫర్ జంటలు కట్టి వరసలు పెట్టాక ఒకరు పోతే ఒక జంట పోతుంది, మధ్యలో ఉన్నవాళ్లయితే మొత్తం మార్చాలి.

ఈ మూడూ దాటి, పెళ్లి రెండు వారాల్లో ఉండగా పూర్తిగా తప్పుకోవడం మాత్రం నిజంగా దెబ్బ. అప్పటికి ఎంత లెక్క వేసుకున్నా ఆలస్యమే. ఆ దశలో చేయగలిగింది పాత్రలో ఉంటూనే ముక్కలు తీసేయడం, ట్రిప్పుకి రాను, మేకప్ నేనే వేసుకుంటా, నగలు ఇంట్లోవి పెట్టుకుంటా, సంగీత్‌కి లెహంగా బదులు ఉన్న లంగావోణీ అని. పట్టుచీర ఎలాగూ కొన్నాం కాబట్టి అది ఉంచి పైన చెప్పిన లెక్కలోంచి ట్రిప్పు 7,500, లెహంగా 2,500, నగలూ మేకప్ 4,000లో 3,000 తీసేస్తే 13,000 మిగులుతుంది. పెళ్లికూతురికి ఫోటోలో వరస నిలబడుతుంది. ఎవరికీ పూర్తిగా నచ్చదు, అయినా పని జరుగుతుంది.

తొందరగా చెప్పేవాళ్లు కూడా ఒకచోట దొరికిపోతారు, కారణం దగ్గర. మన దగ్గర కారణం చెప్పామంటే అది పరిష్కరించాల్సిన సమస్య అవుతుంది. ‘సెలవు లేదే’ అంటే ‘మీ మేనేజర్ నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా’ అంటుంది. ‘ఈ నెల టైట్‌గా ఉంది’ అంటే ‘నేను కడతాలే, తర్వాత ఇద్దువు’ అంటుంది. ప్రేమతోనే అంటుంది, అది ఇంకా ఇబ్బంది. కాబట్టి ఫోన్ చేయకముందే తనని తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: డబ్బు పెళ్లికూతురే కడితే వెళ్తానా? వెళ్తాను అంటే సమస్య డబ్బొక్కటే, అప్పుడు సిగ్గుపడకుండా అదే చెప్పి, చీర వాళ్లు పెడితే తీసుకోవచ్చు, ఎలాగూ మన పాత పద్ధతి అదే. వెళ్లను అంటే అసలు సమస్య టైము, లేదా మనసు లేకపోవడం. అలాంటప్పుడు డబ్బు కారణంగా చెప్పకూడదు, చెబితే ఆవిడ డబ్బు కట్టేస్తుంది, ఆ తర్వాత కాదనడానికి దారి మూసుకుపోతుంది. ఇక అబద్ధం సంగతి, నాయనమ్మకి బాగాలేదు అని ఒకటి వదిలితే పెళ్లి పనుల మధ్యలో పెళ్లికూతురి వాళ్ల అమ్మ పళ్లు తీసుకుని నాయనమ్మని చూడ్డానికి వస్తుంది. తిరుపతి చిన్న ఊరు.

చెప్పే చోటు కూడా ముఖ్యమే. గ్రూపులో కాదు. పెట్టె తెరిచిన వీడియోలో కూడా కాదు, అక్కడ నవ్వి ఊరుకోవడమే మేలు. రెండు మూడు రోజుల్లో విడిగా ఫోన్ చేయాలి, ఆ రోజు ముత్తయిదువులు బొట్టు పెట్టి పిలవడానికి తిరుగుతున్న రోజో, నగల షాపులో ఉన్న రోజో కాకుండా చూసుకోవాలి. మాట ఇలా ఉండొచ్చు: ‘ఏమే, ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. స్క్వాడ్‌లో నేను ఉండలేను. మూడు సెలవులు, ట్రిప్పు, డ్రెస్సులు అన్నీ లెక్కేసుకున్నా, ఈ ఏడాది నా వల్ల కాదు. నువ్వు చీరలకి అడ్వాన్స్ కట్టేలోపే చెబుదామని ఇప్పుడే చేశా. శనివారం రిసెప్షన్‌కి వస్తా, ఆదివారం ముహూర్తానికి నీ గదిలోనే ఉంటా.’ అంతే. మొదటి మూడు వాక్యాల్లో విషయం అయిపోవాలి. క్షమాపణలు పది నిమిషాలు చెబితే అవతలివాళ్లు మనల్ని ఓదార్చాల్సి వస్తుంది, వాళ్ల కోపం లోపలే ఉండిపోతుంది.

ఆ ఫోన్ మాటలో చివరి వాక్యంలో ఉన్నది చిన్న విషయం కాదు. బదులుగా ఇచ్చేది ఒక్కటే ఉండాలి, పేరు పెట్టి చెప్పాలి, తప్పకుండా చేయగలిగేదై ఉండాలి. ‘ఏ హెల్ప్ కావాలన్నా చెప్పు’ అనేది వద్దు, ఆ మాట పట్టుకుని రెండు వారాల్లో మళ్లీ అదంతా వెనక్కి వచ్చేస్తుంది. పెళ్లికూతురి గదిలో ఒక మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది, తెల్లవారుజామున మూడింటికి మంగళస్నానం అయ్యాక జడ వేసేటప్పుడు సూదులు అందించడానికి, నగల సంచీ ఫోను పట్టుకోవడానికి, ఎవరో ఒకరు కాఫీ తెచ్చివ్వడానికి. స్క్వాడ్‌లో ఉన్నవాళ్లు ఆ టైముకి తమ మేకప్‌లో ఉంటారు.

అబ్బాయిల వైపు కథ ఇంకోలా ఉంటుంది. వాళ్లకి బట్టల ఖర్చు తక్కువ, ఒక కుర్తా, ఒక సూట్‌తో పోతుంది. బ్యాచిలర్ ట్రిప్పు పెద్దది కావచ్చు, అది వేరే. కానీ పెళ్లికొడుకు స్నేహితుడు తిరుపతిలో ఉన్నాడంటే అతని మీద పడేది తిరుపతి మొత్తం. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి వచ్చే చుట్టాలందరికీ పెళ్లంటే ఒకటే కాదు, పెళ్లీ దర్శనమూ. ‘మామా, నువ్వక్కడే ఉన్నావు కదా, మా బాబాయివాళ్లకి దర్శనం చూడు’ అనేది గ్రూమ్ స్క్వాడ్‌లో ఎవరూ కార్డు మీద రాయని పని. రేణిగుంట స్టేషన్‌కి కారు, లీలామహల్ సర్కిల్ వైపు లాడ్జీలో గదులు, కొండ మీద గది, ఆపైన టికెట్లు.

ఆ టికెట్లు స్నేహితుడి చేతిలో ఉండవనే సంగతి బయటివాళ్లకి తెలియదు. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, చూస్తుండగా అయిపోతాయి, ఎవరి పేరు మీద తీస్తే వాళ్లే గుర్తింపు కార్డుతో వెళ్లాలి. ఉచిత టైమ్ స్లాట్ టోకెన్లు విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్ కౌంటర్లలో ఇస్తారు, దర్శనం చేసుకునేవాళ్లే ఆధార్‌తో వచ్చి నిలబడాలి. స్నేహితుడు వెళ్లి ఇరవైమందికి తెచ్చే దారి లేదు. సిఫార్సు లేఖ కోసం తిరగడం మొదలుపెడితే ఒక వారం పోతుంది, లేఖ దొరికినా ఆ రోజు ఎంతమందిని అనుమతిస్తారో ముందే చెప్పలేం. చివరికి బాబాయివాళ్లకి దర్శనం ఆలస్యమైతే తిట్లు ఈ అబ్బాయికే.

కాబట్టి ఇక్కడ కాదనేది పాత్రని కాదు, పనిని. ‘ఒరే, నీ పక్కన నిలబడతా, బారాత్‌లో డాన్స్ చేస్తా. దర్శనాలు, గదులు మాత్రం నా మీద పెట్టొద్దు, మీవాళ్లని ఇప్పుడే ఆన్‌లైన్‌లో చూసుకోమను’ అని పెళ్లి తేదీ పెట్టుకున్న వారంలోనే అనాలి. తేదీకీ టికెట్ల విడుదలకీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులే వాళ్లకి పనికొస్తాయి. హైదరాబాద్‌వాళ్ల రైలు రిజర్వేషన్ కూడా అంతే, 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు ఎవరికి వాళ్లు తీసుకుంటే స్నేహితుడు తత్కాల్ కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం రాదు.

లెక్కలన్నిటికీ లొంగని కేసు ఒకటుంది, అది బాకీ. రెండేళ్ల క్రితం మన అక్క పెళ్లికి ఈ పెళ్లికూతురే మూడు రోజులు మనింట్లో ఉండి, వడ్డన దగ్గర నిలబడి, తాళిబొట్టు పళ్లెం అందరి ముందుకీ తిప్పి, తన డబ్బుతోనే చీర కట్టుకుని వచ్చి ఉంటే? ఊర్లో చదివింపులకి నోటు పుస్తకం ఉంటుంది, ఎవరు ఎంత రాశారో చూసి తిరిగి రాస్తారు. చేసిన పనికి పుస్తకం లేదు, గుర్తు మాత్రం ఉంటుంది. అలాంటి చోట 34,500 ఎక్కువ అనే వాదన నిజమే అయినా చెల్లదు. అప్పుడు డబ్బులో తగ్గించుకుని టైములో తీర్చాలి, ట్రిప్పు, మేకప్, లెహంగా వదిలేసి మూడు రోజులూ ఉండాలి. ఆమె చేసింది కూడా అదే కదా. దీనికి ఎదురు కేసూ ఉంది, కాలేజీ తర్వాత ఆరేళ్లలో రెండుసార్లు మాట్లాడిన స్నేహితురాలు స్క్వాడ్‌లో సంఖ్య సరిపోక అడిగితే, అక్కడ ఏ బాకీ లేదు, మొదటి ఫోన్‌లోనే తేల్చేయొచ్చు.

కుదరదన్నాక కోపం వస్తుంది. రాకపోతే ఆశ్చర్యం. రెండు రోజులు మెసేజ్‌కి జవాబు ఉండదు, లేదా ‘ఓకే’ అని ఒక్క ముక్క వస్తుంది. అప్పుడు మళ్లీ మళ్లీ వివరించడం మొదలుపెడితే నిర్ణయం కదిలేలా ఉందని వాళ్లకి అర్థమవుతుంది, బేరం మొదలవుతుంది. ఊరుకోవాలి. గ్రూపులోంచి బయటికి వచ్చేయాలా అంటే, రంగుల గురించి ఇంకా అభిప్రాయాలు చెబుతూ కూర్చోవడం కంటే ‘అందరికీ ఆల్ ది బెస్ట్, పెళ్లిలో కలుద్దాం’ అని రాసి రావడమే శుభ్రం. ఇంకొకటి, ఖర్చు కారణంగా చెప్పినవాళ్లు ఆ రెండు నెలల్లో గోకర్ణ ఫోటోలు స్టేటస్ పెట్టుకోకపోతే మంచిది. వాళ్ల డబ్బు వాళ్లిష్టం, నిజమే, కానీ పెళ్లికూతురు ఆ ఫోటో చూసి వేసుకునే లెక్కలో ట్రిప్పు 7,500కి డబ్బుందనే ఉంటుంది.

పైన లెక్క వేసుకున్న బెంగళూరు అమ్మాయి అడ్వాన్స్ కట్టకముందే ఫోన్ చేసిందనుకుందాం. పెళ్లికూతురు ఒక రోజు మాట్లాడలేదు, తర్వాత ‘సరే, ఐదుగురికే తీసుకున్నా’ అని మెసేజ్ పెట్టింది. శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, సాయంత్రం రిసెప్షన్‌లో బీరువాలోని పట్టుచీరతో ఒక ఫోటో, రాత్రి పెళ్లికూతురి గది. మూడింటికి జడ వేసేటప్పుడు సూదులన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. పసుపు రంగు ఐదుగురి ఫోటోలో ఆమె లేదు, తాళి కట్టేటప్పుడు తీసిన ఫోటోలో మాత్రం పెళ్లికూతురి వెనక ఎవరిదో ఒక చెయ్యి కనబడుతుంది, నగల సంచీ పట్టుకుని. అయిన ఖర్చు 3,600. సోమవారం ఆఫీసులో ఉంది, నిద్ర మొహంతోనే.